ఒక షాట్‌కి ఒకే మాట: ఇరవై నిమిషాల షటిల్ డ్రిల్

మొదట నా తప్పు ఒప్పుకుంటాను. పోయిన సెమిస్టర్‌లో నా రూమ్మేట్ "మామా, నాక్కూడా షటిల్ నేర్పరా" అన్నాడు. నాకు స్కూల్ రోజుల నుంచి కాస్త ఆట వచ్చు కాబట్టి పెద్ద కోచ్‌లా ఫీలైపోయి కోర్ట్‌కి తీసుకెళ్లా. వాడు కాక్ కొట్టబోయిన ప్రతిసారీ ఏదో ఒకటి అరిచేవాణ్ణి. "మోచెయ్యి పైకి! పక్కకి తిరుగు! మణికట్టు వాడు! కాక్ చూడు! కాలు వెనక్కి!" ఐదు మాటలు వినేలోపు కాక్ వచ్చి వాడి పక్కన పడేది. మూడో రోజు వాడు "నాకు అసైన్‌మెంట్ ఉంది" అన్నాడు. నాలుగో రోజూ అదే మాట. మా ఇద్దరిదీ ఒకే సెక్షన్, అసైన్‌మెంట్ ఏమీ లేదని నాకు తెలుసు.

వారం తర్వాత మెస్‌లో ఈ సంగతి మా సీనియర్ అక్కతో చెప్పాను. ఆవిడ కాలేజ్ టీమ్‌లో ఆడుతుంది. నవ్వి ఒకే ప్రశ్న అడిగింది: "కోడ్ పని చెయ్యకపోతే ఒకేసారి ఐదు లైన్లు మార్చి రన్ చేస్తావా?" చెయ్యను. అలా చేస్తే ఏ లైన్ వల్ల సరైందో, ఏది పాడుచేసిందో తెలీదు. "మరి మనిషి చేతిని అలా ఎందుకు మారుస్తున్నావ్?" అంది. అప్పుడు ఆవిడ చెప్పిన డ్రిల్‌నే మేమిద్దరం మొదలుపెట్టాం, కొంచెం మా వీలుకి తగ్గట్టు మార్చుకుని. అదే ఇక్కడ రాస్తున్నా.

రూల్స్ మూడే

ఒకటి, ఒక షాట్‌కి ఒకే మాట. ఆ షాట్ కొడుతున్నంతసేపు ఇంకే సలహా ఉండదు. తప్పులు పది కనిపించినా నోరు మూసుకోవాలి. నాకైతే డ్రిల్ మొత్తంలో కష్టమైన భాగం ఇదే.

రెండు, ప్రతి షాట్ ఇరవై సార్లు, ఐదేసి చొప్పున నాలుగు విడతలు. ఐదే ఎందుకంటే నైలాన్ కాక్‌ల డబ్బాలో మామూలుగా ఆరు ఉంటాయి. ఐదు ఆడతాం, ఒకటి స్పేర్. ఐదు అయ్యాక ఏరుకునే టైమే భుజానికి రెస్ట్.

మూడు, లెక్కపెట్టేది కాక్ ఎక్కడ పడిందని కాదు, మాట నిలబడిందా లేదా అని. మాట పాటించి కొట్టిన కాక్ అవుట్ పడినా ఒకటి లెక్కే. మాట తప్పి కొట్టింది అదృష్టం కొద్దీ లైన్ మీద పడినా సున్నానే. కాక్ అందించేవాడు పైకే లెక్కపెట్టాలి. కొట్టేవాడి కళ్లు ఎలాగూ కాక్ వెనకే పోతాయి, వాడి లెక్కని నమ్మలేం.

ఒక మనిషికి ఇరవై కాక్‌లు అందించి, ఏరుకోవడానికి రెండున్నర నిమిషాలు చాలు. ఇద్దరికీ కలిపి షాట్‌కి ఐదు నిమిషాలు. నాలుగు షాట్లంటే ఇరవై నిమిషాలు. మా ఇండోర్ కోర్ట్‌లో ఆరింటికల్లా సీనియర్లు వచ్చేస్తారు, మాకు దొరికేది ఐదున్నర నుంచి సగం కోర్టే. దానికి ఇది సరిగ్గా సరిపోయింది.

మొదలుపెట్టే ముందు భుజాలు, మణికట్లు, చీలమండలు రెండు నిమిషాలు తిప్పండి. తర్వాత గ్రిప్ ఒక్కసారి చూసుకోండి. కొత్తవాళ్లలో చాలామంది బ్యాట్‌ని దోసెల పెనంలా పట్టుకుంటారు, తీగలు ముఖానికి ఎదురుగా ఉండేలా. అలా కాకుండా బ్యాట్ అంచు నేలవైపు ఉండేలా నిలబెట్టి, దాని హ్యాండిల్‌తో షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ‘వి’ ఆకారం కనపడితే చాలు. నేను కుడిచేతి వాటం లెక్కలో రాస్తున్నా. ఎడమచేతివాళ్లు తిప్పి చదువుకోండి.

మొదటి షాట్: చిన్న సర్వీస్. మాట: "తోయ్"

బ్యాక్‌హ్యాండ్ సర్వీస్ ఇది. ముందు సర్వీస్ లైన్ వెనకాలే నిలబడి, బొటనవేలు హ్యాండిల్ వెడల్పు వైపు ఆనించి, ఎడమచేత్తో కాక్ ఈకల కొసను పట్టుకుని బ్యాట్ ముందు పెట్టుకోవాలి. ఇక కొట్టకూడదు, తలుపుని మెల్లగా తోసినట్టు తోయాలి.

ఎందుకు తోయాలో లెక్క చూస్తే అర్థమవుతుంది. నెట్ మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు. 2018 నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో సర్వీస్ చేసేటప్పుడు కాక్ మొత్తం 1.15 మీటర్ల కన్నా కిందే ఉండాలని రూల్. అంటే కాక్ కనీసం 37 సెంటీమీటర్లు పైకి ఎక్కక తప్పదు, ఎక్కాక మళ్లీ కిందికి దిగాలి. కొడితే అది నెట్ దాటాక కూడా ఎక్కుతూనే ఉంటుంది, అవతలివాడికి స్మాష్ చెయ్యమని పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. తోస్తే నెట్‌కి ఇవతలే దాని శిఖరం వచ్చి, నెట్ దాటేటప్పటికి దిగడం మొదలుపెడుతుంది.

అందించేవాడికి ఇక్కడ పని లేదు కాబట్టి నెట్ పోల్ దగ్గర పక్కన నిలబడి చూడాలి. బ్యాట్ వెనక్కి ఊగి ముందుకొస్తే అది కొట్టడం, సున్నా. బ్యాట్ వెనక్కి పోకుండా ముందుకి మాత్రమే కదిలితే తోయడం, ఒకటి. చాలా కాక్‌లు నెట్‌కే తగులుతుంటే కంగారు పడొద్దు. అవీ లెక్కలోకే వస్తాయి. తోయడం అలవాటైతే ఎంత తోయాలో చెయ్యి నేర్చుకుంటుంది.

రెండో షాట్: నెట్ షాట్. మాట: "వదులు"

కొట్టేవాడు సర్వీస్ లైన్ దగ్గర బ్యాట్ ఛాతీ ఎత్తులో ముందుకు చాపి నిలబడతాడు. అందించేవాడు నెట్ అవతల నుంచి చేత్తోనే, నెట్ మీదుగా మెల్లగా కాక్ వేస్తాడు. ఒక అడుగు ముందుకేసి, కాక్‌ని బ్యాట్ మీద పడనిచ్చి తిరిగి నెట్ దాటించాలి.

ఇక్కడ కొత్తవాళ్లకి జరిగేది ఒకటే. కాక్ వస్తుందనగానే గుప్పిట బిగుసుకుంటుంది. బిగుసుకున్న బ్యాట్ గోడలాంటిది, దానికి తగిలిన కాక్ ఎగిరి పైకి పోతుంది. వదులుగా పట్టుకున్న బ్యాట్ కాస్త వెనక్కి తగ్గి కాక్ వేగాన్ని మింగేస్తుంది. కోడిపిల్లని చేతిలో పట్టుకున్నామనుకోండి. జారిపోకూడదు, నలిగిపోకూడదు. అంతే.

చిక్కేంటంటే గుప్పిట వదులుగా ఉందో లేదో బయటివాడికి కనపడదు. అందుకని ఈ ఒక్క షాట్‌కి లెక్క కొట్టేవాడే చెప్పాలి. కాక్ తగిలిన వెంటనే, అది ఎక్కడికి పోయిందో చూడకముందే "వదులు" అనో "బిగుసు" అనో పైకి అనాలి. ప్రతి ఐదింటి తర్వాత అందించేవాడు వచ్చి బ్యాట్ తల పట్టుకుని మెల్లగా లాగాలి. సులువుగా జారి వచ్చేస్తే లెక్క నిజం. రాకపోతే ఆ ఐదూ కొట్టెయ్యండి. మా వాడికి మొదటి రోజు ఇరవైకి పద్నాలుగు వచ్చాయన్నాడు. బ్యాట్ లాగితే నేనే ముందుకి వచ్చా.

మూడో షాట్: లిఫ్ట్. మాట: "అడుగు"

నెట్ దగ్గర కిందికి వచ్చిన కాక్‌ని కింద నుంచి పైకి లేపి వెనక లైన్ దాకా పంపడం లిఫ్ట్. మాట "అడుగు". అంటే బ్యాట్ ఉన్న చేతివైపు కాలు, మనకైతే కుడికాలు, ముందుకు పడాలి. కొత్తవాళ్లు కాళ్లు కదపకుండా నడుము వంచి చెయ్యి చాపుతారు. అప్పుడు కాక్ అందుతుంది గానీ దాని వెనక బలం ఉండదు, సగం కోర్ట్‌లోనే పడుతుంది.

దీనికి లెక్క చెవితో పెట్టాలి. అందించేవాడు చేత్తో కాక్ నెట్ దాటించి చిన్నగా వేస్తాడు, వెంటనే వింటాడు. కాలు నేలకి తగిలిన శబ్దం, బ్యాట్‌కి కాక్ తగిలిన శబ్దం. రెండూ ఒకేసారి వచ్చినా, కాలు రవ్వంత ముందొచ్చినా ఒకటి. బ్యాట్ శబ్దం ముందొచ్చి కాలు తర్వాత పడితే సున్నా. రెండు రోజులు చేశాక కళ్లు మూసుకుని కూడా చెప్పొచ్చు. నేను నిజంగానే చెప్పి చూశా.

ఒక జాగ్రత్త ఉంది. అడుగు పడ్డప్పుడు మడమ ముందు తగలాలి, మోకాలు పాదం వేళ్లు చూపే దిక్కుకే వంగాలి. లోపలికి ఒరిగితే నొప్పి ఖాయం. రన్నింగ్ షూస్‌కి మందమైన సోల్ ఉంటుంది, పక్కకి అడుగేస్తే చీలమండ మడత పడొచ్చు. పల్చటి గమ్ సోల్ ఉన్న షూస్ మంచిది.

నాలుగో షాట్: క్లియర్. మాట: "పైన"

అసలు కథ ఇక్కడ ఉంది. తల మీదుగా కొట్టి కాక్‌ని అవతలి వెనక లైన్ దాకా పంపడం క్లియర్. కొత్తవాళ్లందరికీ స్మాష్ కావాలి. స్మాష్‌ని డ్రిల్‌లో కావాలనే పెట్టలేదు. కాక్‌ని పైన అందుకోవడం రాకుండా స్మాష్ కొట్టబోతే అది నెట్‌లోకే పోతుంది, భుజం కూడా పట్టేస్తుంది. క్లియర్ కుదిరితే స్మాష్ సగం వచ్చినట్టే.

మాట "పైన". చెయ్యి పూర్తిగా సాగి, తలకి కాస్త ముందుగా, అందినంత ఎత్తులో కాక్ తగలాలి. కానీ మనందరికీ కాక్ ముఖం దాకా దిగాక కొట్టాలనిపిస్తుంది. దగ్గరికొస్తే తప్పిపోదని మనసుకి ధైర్యం. అప్పుడు మోచెయ్యి మడతపడి ఉంటుంది, ఊపు చిన్నదైపోతుంది, కాక్ నెట్ మధ్యలోకి పోతుంది.

అందుకే ముందు ఐదుసార్లు బ్యాట్ పక్కన పెట్టేయండి. అందించేవాడు ఎత్తుగా కాక్ వేస్తే, దాన్ని కుడిచేత్తో, చెయ్యి పూర్తిగా చాపి, పైనే పట్టుకోవాలి. క్రికెట్‌లో బౌండరీ దగ్గర తల మీద క్యాచ్ పట్టినట్టు. తర్వాత బ్యాట్ తీసుకుని అదే చోట కాక్‌ని అందుకోవాలి. ఈ ఐదూ ఇరవైలో లెక్క కాదు.

కాక్ ఎటు పోయిందో చూసి కూడా తప్పు పసిగట్టొచ్చు. నిట్టనిలువుగా పైకి లేస్తే తల వెనక తగిలింది, అంటే ఆలస్యమైంది. బల్లపరుపుగా నెట్ వైపు దూసుకుపోతే బాగా ముందో, బాగా కిందో తగిలింది. "టప్" అని కాకుండా "టిక్" అని వినిపిస్తే ఫ్రేమ్‌కి తగిలింది. ఇవన్నీ మీ మనసులో ఉంచుకోండి. కొట్టేవాడికి చెప్పేది మాత్రం "పైన" ఒక్కటే.

మా వాడి లెక్కలు

నా ఫోన్ నోట్స్‌లో వాడి క్లియర్ లెక్కలు ఇంకా ఉన్నాయి. మొదటి రోజు నాలుగు విడతల్లో 3, 3, 1, 1. మొత్తం ఇరవైకి 8. చివర్లో పడిపోయింది కాబట్టి వాడి భుజం అలిసిపోయిందనుకున్నా. "రేపు పదే చేద్దాంలే" అన్నా.

రాత్రి పడుకున్నాక ఇంకో అనుమానం వచ్చింది. కాక్‌లు నేను అవతలి కోర్ట్ నుంచి బ్యాట్‌తో లేపి ఇస్తున్నా. నాకూ చెయ్యి అలిసి ఉండొచ్చు కదా? చివరి పదీ తక్కువ ఎత్తులో, వాడి ఛాతీ ముందుకే వచ్చి ఉంటాయి. ఛాతీ ముందుకొచ్చిన కాక్‌ని ఎవడైనా పైన ఎలా అందుకుంటాడు? తప్పు ఇన్‌పుట్‌లో ఉంటే ఔట్‌పుట్‌ని తిట్టి లాభం లేదు.

రెండో రోజు ఒక్కటే మార్చా. నెట్‌కి బాగా దగ్గరగా వెళ్లి, బ్యాట్ లేకుండా కాక్ బిరడా దగ్గర పట్టుకుని చేత్తోనే ఎత్తుగా విసిరా. వాణ్ణి కోర్ట్ మధ్యలో నిలబెట్టా. 3, 4, 3, 2. మొత్తం 12. వాడి భుజం అదే, ఇరవై షాట్లూ అవే. మారింది నా విసురుడే. మొదటి రోజు లెక్క పైకి ఒక్క అంకెగా, "ఇరవైకి ఎనిమిది" అని మాత్రమే రాసుకుని ఉంటే ఈ విషయం ఎప్పటికీ దొరికేది కాదు. ఐదేసి చొప్పున రాసుకోవడం వల్లే ఎక్కడ పడిపోయిందో కనిపించింది.

మూడో రోజు 3, 3, 4, 3. పదమూడు. నాలుగో రోజు ల్యాబ్ ఎగ్జామ్, వెళ్లలేదు. ఐదో రోజు 4, 4, 4, 4. పదహారు. ఆరో రోజు 4, 5, 4, 4. పదిహేడు.

ఇప్పుడు నిజం కూడా చెప్పాలి. ఆరో రోజు "పైన" పదిహేడు సార్లు నిలబడినా, కాక్ డబుల్స్ వెనక సర్వీస్ లైన్ దాటింది ఆరు సార్లే. అది వెనక లైన్‌కి 76 సెంటీమీటర్లు లోపల ఉండే గీత. వాడు మొహం వేలాడేశాడు. కానీ ఇది డ్రిల్ ఫెయిలవడం కాదు. ఎత్తులో అందుకోవడం వచ్చింది, దూరం ఇంకా రాలేదు. దూరం రావాలంటే నెట్‌కి పక్కకి తిరిగి నిలబడి, కొట్టేటప్పుడు ఒళ్లూ ముంజెయ్యీ తిరగాలి. అది వేరే మాట. మొదటి రోజే ఆ రెండో మాట కూడా చెప్పి ఉంటే మళ్లీ పాత కథే.

మాట ఎప్పుడు మార్చాలి?

వరసగా రెండు రోజులు ఇరవైకి పదహారు వస్తే పాత మాట వదిలేసి అదే షాట్‌కి కొత్త మాట ఇవ్వండి. క్లియర్‌కి "పైన" తర్వాత "పక్కకి". అప్పుడు "పైన" గురించి లెక్క ఉండదు, "పక్కకి" గురించే. కొత్త మాట మొదలైన రోజు పాతది కాస్త సడలుతుంది. రెండు రోజులు చూసీ చూడనట్టు ఉండండి.

ఇరవైకి పది కూడా రాకపోతే మాట మార్చకండి, కాక్ అందించడం సులువు చెయ్యండి. దగ్గర నుంచి, మెల్లగా, ఒకే చోటికి.

సొంతంగా మాటలు కనిపెట్టుకోవచ్చు కూడా. ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. వీలైనంతవరకు మాట ఒంట్లోని కండరం గురించి కాకుండా బయట జరిగే పని గురించి ఉండాలి. గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు 1998లో తోటివాళ్లతో కలిసి ప్రచురించిన ప్రయోగంలో, స్కీయింగ్ సిమ్యులేటర్ మీద కొందరిని పాదాలతో తొయ్యడం మీద ధ్యాస పెట్టమన్నారు, కొందరిని పాదాల కింద ఉన్న చక్రాలని తొయ్యడం మీద. రెండూ దాదాపు ఒకటే పని. కానీ చక్రాల మీద ధ్యాస పెట్టినవాళ్లే బాగా నేర్చుకున్నారు. అందుకే "మణికట్టు తిప్పు" కన్నా "కాక్‌ని తోయ్" బాగా పనిచేస్తుంది. "అడుగు" కాలి గురించే అయినా, మేం దాన్ని నేల మీద శబ్దంగానే విన్నాం.

ఈ డ్రిల్‌తో రానివి కూడా ఉన్నాయి. కోర్ట్ అంతా తిరగడం రాదు, అవతలివాడు ఎక్కడ వేస్తాడో పసిగట్టడం రాదు. ఒకే షాట్ ఇరవై సార్లు కొట్టినప్పుడు వచ్చే లెక్క మ్యాచ్‌లో రాదు, ఎందుకంటే అక్కడ ఏ కాక్ వస్తుందో ముందే తెలీదు. అందుకని నాలుగు షాట్లూ పదహారు దాటాక, నెట్, లిఫ్ట్, క్లియర్ మూడింటినీ కలిపి చెప్పకుండా వెయ్యండి. లెక్క ఒక్కసారిగా పడిపోతుంది, పడిపోవాలి కూడా. ఇంకోటి, హాస్టల్ బ్లాకుల మధ్య గాలిలో క్లియర్ ప్రాక్టీస్ చెయ్యకండి. గాలి ఆడించిన ఆటకి మీ లెక్కలో తప్పు పడుతుంది. అక్కడ సర్వీస్ మాత్రం చేసుకోవచ్చు, గాలి లేనప్పుడు.

గోడకి అంటించుకోవడానికి:

చిన్న సర్వీస్: "తోయ్". బ్యాట్ వెనక్కి పోకూడదు. 5 × 4.
నెట్ షాట్: "వదులు". లాగితే బ్యాట్ జారిరావాలి. 5 × 4.
లిఫ్ట్: "అడుగు". కాలి శబ్దం ముందు, లేదా రెండూ ఒకేసారి. 5 × 4.
క్లియర్: "పైన". ముందు ఐదు క్యాచ్‌లు, తర్వాత 5 × 4.

మొన్న సాయంత్రం మా వాడు నన్ను ఆడించాడు. నా సర్వీస్ ఎప్పటి నుంచో కొట్టుడే, ఎవరూ చెప్పలేదు. వాడు పోల్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఇరవై సార్లూ చూశాడు. "ఏడు" అన్నాడు. ఇంకేమైనా చెప్తాడేమో అని చూశా. "తోయ్ రా" అని కాక్‌లు ఏరడానికి పోయాడు.